తెర మీద 9, లెక్కలో 7.8: ట్రెడ్‌మిల్ పరుగు సగటు వేగం

నాతో పాటు పరుగెత్తే మిత్రుడొకరు మొన్న ట్రెడ్‌మిల్ దిగుతూనే తెరను ఫోనులో ఫొటో తీసి నాకు పంపారు. దూరం 5.05 కిలోమీటర్లు, సమయం 38:45. దాని కింద ఆయన ప్రశ్న: "సగానికి పైగా సమయం 9 మీదే పరుగెత్తాను. కాసేపు 11కి కూడా పెంచాను. సగటు వేగం 9 అయినా రావాలి కదా? మూడు రకాలుగా లెక్క కడితే మూడు జవాబులు వచ్చాయి. వీటిలో ఏది సరైనదో చెప్పండి."

ఆ మూడు జవాబులు 7.88, 13.13, 7.25. మూడింటిలో ఏదీ సరైనది కాదు. ఆ పరుగు సగటు వేగం గంటకు 7.82 కిలోమీటర్లు. ఆయన లెక్కల్లో గుణకారం, భాగహారం ఎక్కడా తప్పలేదు. తప్పంతా కాలిక్యులేటర్ ముట్టుకోకముందే, తెర మీది అంకెలను చదవడంలోనే జరిగిపోయింది. మూడు జవాబుల వెనక ఉన్నది మూడు వేర్వేరు పొరపాట్లు. ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తి లెక్క రాసుకునేవారిలో చాలామంది ఈ మూడింటిలో ఏదో ఒకటి చేస్తుంటారు. అందుకే ఈ ఒక్క పరుగునే పట్టుకుని చివరిదాకా వెళ్దాం.

38:45 అంటే 38.45 కాదు

సగటు వేగం అంటే మొత్తం దూరాన్ని మొత్తం సమయంతో భాగిస్తే వచ్చేది. దానికి ఇంతకు మించిన నిర్వచనం లేదు. జవాబు గంటకు కిలోమీటర్లలో కావాలంటే దూరం కిలోమీటర్లలో, సమయం గంటల్లో ఉండాలి. దూరం ఎలాగూ కిలోమీటర్లలోనే ఉంది. చిక్కల్లా సమయంతోనే.

తెర మీద 5.05లో చుక్క ఉంది, 38:45లో రెండు చుక్కలున్నాయి. చూపుకు రెండూ ఒకేలా కనిపిస్తాయి గానీ అవి చేసే పని వేరు. 5.05లో చుక్క తర్వాతి భాగం నూరో వంతులు. 38:45లో రెండు చుక్కల తర్వాతి భాగం అరవయ్యో వంతులు. 45 సెకన్లంటే నిమిషంలో నూటికి 45 వంతులు కాదు, అరవైకి 45 వంతులు, అంటే ముప్పావు నిమిషం. కాబట్టి 38:45ని దశాంశంలో రాస్తే 38.75 నిమిషాలు అవుతుంది.

ఇక లెక్క తేలిక. 5.05 కిలోమీటర్లను 38.75 నిమిషాలతో భాగిస్తే 0.1303 వస్తుంది. అంటే సగటున నిమిషానికి 0.1303 కిలోమీటరు, దాదాపు 130 మీటర్ల బెల్టు ఆయన పాదాల కింది నుంచి వెనక్కి జారిపోయిందన్నమాట. గంటకు అరవై నిమిషాలు గనక దాన్ని 60తో గుణిస్తే 7.82. ఈ రెండు అడుగులనూ కలిపి ఇలా రాసుకోవచ్చు:

```
5.05 × 60 ÷ 38.75 = 303 ÷ 38.75 = 7.82
```

మధ్యలో వచ్చిన ఆ 303ను గుర్తుంచుకోండి. కాసేపట్లో అది మరో దారిలో మళ్లీ ఎదురవుతుంది.

ఇప్పుడు మిత్రుడి మొదటి జవాబు చూద్దాం. ఆయన రెండు చుక్కలను ఒక చుక్కగా మార్చి 303ను 38.45తో భాగించారు. వచ్చింది 7.88. అసలు జవాబుకు, దీనికి మధ్య తేడా 0.06 మాత్రమే. ఈ పొరపాటులో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది దాని చిన్నతనమే. జవాబు వింతగా కనిపిస్తే మనిషి ఆగి మళ్లీ చూసుకుంటాడు. 7.88 చూస్తే ఎవరికీ అనుమానం రాదు. నోటు పుస్తకంలోకి ఎక్కి నెలల తరబడి అలాగే ఉండిపోతుంది.

పైగా ఈ పొరపాటు ఎప్పుడూ ఒకవైపే మొగ్గుతుంది. సెకన్లను 60తో భాగించాల్సిన చోట 100తో భాగిస్తున్నాం కాబట్టి సమయం ఎప్పుడూ ఉన్నదానికంటే తక్కువే వస్తుంది. సమయం తగ్గితే వేగం పెరుగుతుంది. అంటే ఈ లెక్క మనల్ని ప్రతిసారీ కాస్త వేగంగా చూపిస్తుంది. సెకన్లు సున్నా అయిన రోజు తేడా ఏమీ ఉండదు, 59 అయిన రోజు బాగా ఉంటుంది. నిజంగా ఒకే వేగంతో పరుగెత్తినా సెకన్ల అంకెను బట్టి జవాబు ఒకరోజు కాస్త పైకి, మరోరోజు కాస్త కిందికి ఊగుతుంది. వారాల తేడాతో రెండు పరుగులను పోల్చేవారికి ఆ ఊగిసలాట అభివృద్ధిలా కనిపించే ప్రమాదం ఉంది.

దీనికి ఎదురు దిశలో పోయే పొరపాటు ఒకటే ఉంది. సమయం 38:05 అయితే కొందరు తొందరలో 38.5 అని కొడతారు. అయిదు సెకన్లు కాస్తా ముప్పై సెకన్లు అయిపోతాయి. వేగం ఉన్నదానికంటే తగ్గుతుంది.

మిత్రుడి రెండో జవాబు 13.13. గంటల్లోకి మార్చాలన్న సంగతి ఆయనకు గుర్తుంది. అయితే 38:45ను 0.3845 గంటలుగా తీసుకున్నారు. 38 నిమిషాలను 100తో భాగిస్తే గంటలు రావు. గంటకు అరవై నిమిషాలు కాబట్టి 38.75ను 60తో భాగించాలి. అప్పుడు 0.6458 గంట వస్తుంది. ఈ పొరపాటు పెద్దది కాబట్టి పట్టుకోవడం సులువు. ఆ పరుగులో బెల్టు ఏ క్షణంలోనూ 11 దాటలేదు. అత్యధిక వేగం 11 అయినప్పుడు సగటు 13 కావడం అసాధ్యం. సగటు ఎప్పుడైనా అన్నిటికన్నా తక్కువ వేగానికి, అన్నిటికన్నా ఎక్కువ వేగానికి నడుమనే ఉంటుంది. లెక్క ముగిశాక ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే ఇలాంటి జవాబులు పుస్తకంలోకి చేరవు.

అంతకంటే దగ్గరగా సరిచూసుకునే ఉపాయం కూడా ఒకటుంది. ఆరు నిమిషాలంటే సరిగ్గా గంటలో పదో వంతు. కాబట్టి 36 నిమిషాలు 0.6 గంట, 42 నిమిషాలు 0.7 గంట. మన 38:45 ఈ రెండింటి మధ్య ఉంది. 5.05 కిలోమీటర్లను 0.6తో భాగిస్తే 8.4, 0.7తో భాగిస్తే 7.2. అంటే జవాబు 7.2కూ 8.4కూ మధ్యలో ఉండి తీరాలి. దీన్ని బెల్టు దిగి తువ్వాలు అందుకునేలోపు నోటి లెక్కతో తేల్చేయవచ్చు. 13.13 ఈ పరీక్షలో అక్కడికక్కడే ఓడిపోతుంది. 7.88 మాత్రం నెగ్గేస్తుంది. అందుకే సెకన్ల మార్పిడిని మనమే జాగ్రత్తగా చేసుకోవాలి.

దశాంశాలతో ఇబ్బంది పడేవారికి నేను చెప్పే దారి వేరు. సమయాన్నంతా సెకన్లలోకి మార్చేయడమే. 38ని 60తో గుణిస్తే 2280, దానికి 45 కలిపితే 2325 సెకన్లు. గంటకు 3600 సెకన్లు. కాబట్టి 5.05ను 3600తో గుణించి 2325తో భాగిస్తే చాలు. జవాబు అదే 7.82. ఇందులో మధ్యలో ఎక్కడా దశాంశాన్ని కుదించాల్సిన అవసరం రాదు. గంటల దారిలో వెళ్లేవారు 0.6458ని రాసుకునే ఓపిక లేక 0.65 అని రాసుకుంటే జవాబు 7.77కు పడిపోతుంది. 0.6 అని రాసుకుంటే ఏకంగా 8.42 అవుతుంది. కుదింపు చివరి జవాబులో చేయాలి, దారి మధ్యలో చేయకూడదు.

కంప్యూటర్‌లో ఎక్సెల్ పట్టిక పెట్టుకునేవారికి మరో ఉచ్చు కాచుకుని ఉంటుంది. గడిలో 38:45 అని కొడితే ఎక్సెల్ దాన్ని 38 నిమిషాల 45 సెకన్లుగా తీసుకోదు, 38 గంటల 45 నిమిషాలుగా తీసుకుంటుంది. ముందు గంటల స్థానాన్ని నింపి 0:38:45 అని కొట్టాలి. ఇంకో సంగతి ఏమిటంటే, ఎక్సెల్ తన లోపల సమయాన్ని రోజులో భాగంగా దాచుకుంటుంది. గంటలు కావాలంటే దాన్ని 24తో గుణించాలి. దూరం A2లో, సమయం B2లో ఉంటే సూత్రం ఇది:

```
=A2/(B2*24)
```

జవాబు గడి సమయంలా కనిపిస్తే ఆ గడి రూపాన్ని సంఖ్యగా మార్చండి. వేగం 0.13 అని వచ్చిందంటే నిమిషాలు గంటలైపోయాయని అర్థం.

నాలుగు వేగాలను కలిపి నాలుగుతో భాగిస్తే

మూడో జవాబు 7.25 వెనక ఉన్న పొరపాటు వీటన్నిటికంటే లోతైనది. అంకెల రాతతో దానికి సంబంధం లేదు. అసలు సగటు అనే మాటను ఎలా అర్థం చేసుకుంటున్నామన్న దగ్గరే అది ఉంది. మిత్రుడి మొదటి సందేహానికి, అంటే "9 ఎందుకు రాలేదు" అన్నదానికి, జవాబు కూడా ఇక్కడే దొరుకుతుంది.

ఆయన పరుగు నాలుగు ముక్కలు. ఒళ్లు వేడెక్కడానికి 6 నిమిషాలు 5 మీద నడిచారు. తర్వాత 20 నిమిషాలు 9 మీద పరుగెత్తారు. ఆపై 6 నిమిషాలు 11 మీద. చివర్లో ఊపిరి కుదుటపడేదాకా 6 నిమిషాల 45 సెకన్లు 4 మీద నడిచి దిగారు. ఈ నాలుగు వేగాలను, 5, 9, 11, 4, కలిపితే 29. నాలుగుతో భాగిస్తే 7.25.

ఇలా చేస్తే ఆరు నిమిషాల నడకకు, ఇరవై నిమిషాల పరుగుకు ఒకే విలువ ఇచ్చినట్టు అవుతుంది. బెల్టు అలా పంచలేదు. 9 మీద అది ఇరవై నిమిషాలు తిరిగింది, 11 మీద ఆరు నిమిషాలే తిరిగింది. ప్రతి వేగానికీ అది ఎంతసేపు సాగిందో అంత బరువు ఇవ్వాలి. 5ని 6తో గుణిస్తే 30. 9ని 20తో గుణిస్తే 180. 11ని 6తో గుణిస్తే 66. 4ని 6.75తో గుణిస్తే 27. నాలుగూ కలిపితే 303. మొత్తం నిమిషాలు 38.75తో భాగిస్తే 7.82.

ఇందాకటి 303 తిరిగి వచ్చింది చూశారా? ఇది కాకతాళీయం కాదు. వేగాన్ని అది సాగిన సమయంతో గుణిస్తే వచ్చేది దూరమే. మన లెక్కలో సమయం గంటల్లో కాక నిమిషాల్లో ఉంది కాబట్టి ఆ దూరం అరవై రెట్లుగా కనిపిస్తోంది. 303ను 60తో భాగిస్తే 5.05, తెర మీద ఉన్న దూరమే. అంటే ట్రెడ్‌మిల్ దూరం లెక్కగట్టే పనిలో ఈ బరువులన్నీ తానే వేసేసింది. ఏ వేగం మీద ఎంతసేపు ఉన్నామో మనం విడిగా గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఆ సమాచారమంతా 5.05 అనే ఒక్క సంఖ్యలో ఇమిడి ఉంది. వేగం ఎన్నిసార్లు మార్చినా మొత్తం దూరం, మొత్తం సమయం రెండే చాలని చెప్పడానికి కారణం ఇదే.

ఇక 9 సంగతి. మిత్రుడు 12 నిమిషాల 45 సెకన్లు నడిచారు. మొత్తం సమయంలో అది దాదాపు మూడో వంతు. అంతసేపట్లో వచ్చిన దూరం మాత్రం 0.95 కిలోమీటరు, మొత్తంలో అయిదో వంతు కూడా కాదు. మనిషి మనసు పరుగును గుర్తుపెట్టుకుంటుంది, నడకను మరిచిపోతుంది. గడియారం రెండింటినీ సమానంగా లెక్కిస్తుంది. నడక తీసేసి పరుగు భాగాన్ని మాత్రమే చూస్తే 26 నిమిషాల్లో 4.1 కిలోమీటర్లు వచ్చాయి. 4.1ని 60తో గుణించి 26తో భాగిస్తే 9.46. ఆయన ఒంటికి తెలిసిన వేగం ఇది. కాబట్టి ఆయన అంచనా పూర్తిగా తప్పు కాదు. ఆయన మనసులో ఉన్నది పరుగు సగటు, తెర అంకెలు చెప్పేది నడకతో కలిపిన సగటు.

ఇక్కడ మరో చిన్న ఉదాహరణ అవసరం. చాలామంది చదువుకున్నవారు కూడా తడబడే చోటు ఇది. ఒకరు మొదటి 3 కిలోమీటర్లు 8 మీద, తర్వాతి 3 కిలోమీటర్లు 12 మీద పరుగెత్తారు. సగటు ఎంత? రెండూ సమానమైన దూరాలే కదా, 10 అని అనిపిస్తుంది. మొదటి సగానికి 22 నిమిషాల 30 సెకన్లు పడుతుంది, రెండో సగానికి 15 నిమిషాలు. మొత్తం 6 కిలోమీటర్లు, 37 నిమిషాల 30 సెకన్లు. భాగిస్తే 9.6. దూరం సమానంగా ఉన్నా నెమ్మది వేగం మీద ఎక్కువసేపు గడుపుతాం కాబట్టి సగటు దానివైపు జరుగుతుంది. అదే మనిషి 8 మీద 15 నిమిషాలు, 12 మీద 15 నిమిషాలు పరుగెత్తి ఉంటే సగటు సరిగ్గా 10 అయ్యేది. వేగాలను నేరుగా కలిపి భాగించే లెక్క సమయాలు సమానమైనప్పుడే చెల్లుతుంది.

కిలోమీటరుకు ఇన్ని నిమిషాలు అని లెక్క రాసుకునేవారికి ఇది సరిగ్గా తలకిందులవుతుంది. అక్కడ దూరాలు సమానమైతే నేరుగా సగటు తీయవచ్చు. పై ఉదాహరణలో 8 మీద కిలోమీటరుకు 7:30, 12 మీద 5:00. రెండింటి సగటు 6:15. అరవైని 6.25తో భాగిస్తే 9.6 వస్తుంది, సరిపోయింది. అరవైని 6.15తో భాగించకండి. రెండు చుక్కల ఉచ్చు ఇక్కడ కూడా ఉంది.

మొత్తం సమయం అంటే ఏ సమయం?

మిత్రుడు ఫొటోతో పాటు ఒక మాట కూడా చెప్పారు. చేతి గడియారంలో సమయం 41:00 చూపిస్తోందట. మధ్యలో బెల్టు ఆపి నీళ్లు తాగి, చెమట తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టారు. పాజ్ నొక్కగానే ట్రెడ్‌మిల్ తన గడియారాన్ని నిలిపేసింది, చేతి గడియారం నిలపలేదు. ఆ తేడా 2 నిమిషాల 15 సెకన్లు.

303ను 41తో భాగిస్తే 7.39. 38.75తో భాగిస్తే 7.82. ఈ రెండూ తప్పులు కావు. బెల్టు కదులుతున్నంతసేపు సగటున ఎంత వేగం అన్న ప్రశ్నకు 7.82 జవాబు. ఎక్కినప్పటి నుంచి దిగేదాకా ఆగిన సమయంతో సహా ఎంత అన్న ప్రశ్నకు 7.39 జవాబు. పరుగు పందెంలో నీళ్ల కోసం ఆగినా గడియారం ఆగదు కాబట్టి, పందేనికి సిద్ధమవుతున్నవారు రెండోదాన్ని చూడటం న్యాయం. ఏదైనా ఒకటే ఎంచుకుని ప్రతిసారీ దాన్నే రాయాలి. ఈరోజు ఒకటి, రేపు ఒకటి రాస్తే పోల్చడానికి ఏమీ మిగలదు. దూరం ఒక యంత్రం నుంచి, సమయం ఇంకొక యంత్రం నుంచి తీసుకోవడం మాత్రం తెలిసి చేస్తేనే మంచిది.

ముందే సమయం పెట్టుకుని పరుగెత్తేవారు ఇంకో సంగతి గమనించాలి. 40 నిమిషాలు అని పెట్టి మొదలుపెడితే చాలా యంత్రాల్లో గడియారం వెనక్కి నడుస్తుంది. దిగేటప్పుడు తెర మీద 1:15 ఉంటే అది మిగిలిన సమయం. 40:00 లోంచి తీసేస్తే 38:45. తీసివేతలో కూడా అరవై అరవయ్యే. 40:00ను 39:60గా మనసులో మార్చుకుని తీసేస్తే పొరపాటు జరగదు. ఇంకా కొన్ని యంత్రాలు పెట్టిన సమయం అయిపోగానే చివరి నడకను విడిగా మొదలుపెట్టి తెరను మళ్లీ సున్నా నుంచి నడిపిస్తాయి. అప్పుడు రెండు భాగాల దూరాలనూ విడిగా, సమయాలనూ విడిగా కలుపుకుని ఒకేసారి భాగించాలి.

తెర మైళ్లలో ఉన్న యంత్రం మీద ఇదే పరుగు 3.14గా కనిపిస్తుంది. దాన్నే కిలోమీటర్లనుకుని లెక్క కడితే 4.86 వస్తుంది. పరుగెత్తి వచ్చిన మనిషికి నడక వేగం వచ్చిందంటే ముందు అనుమానించాల్సింది మైళ్లనే. 1.609తో గుణిస్తే 5.05 తిరిగి దొరుకుతుంది.

ఎన్ని అంకెల దాకా నమ్మాలి

7.8194 అని కాలిక్యులేటర్ చూపిస్తే అన్ని అంకెలూ రాసుకోవాలా? అక్కర్లేదు. తెర దూరాన్ని రెండు దశాంశాల దాకానే చూపిస్తుంది. 5.05 అంటే అసలు దూరం దానికి కొన్ని మీటర్లు అటూ ఇటూ ఉండవచ్చు. అయిదు మీటర్ల తేడా ఉందనుకున్నా 5050 మీటర్లలో అది వెయ్యో వంతే. వేగం మీద దాని ప్రభావం 0.01 కూడా దాటదు. కాబట్టి 7.8 అని రాసుకుంటే నిశ్చింతగా నమ్మవచ్చు, 7.82 అన్నా ఫరవాలేదు, అంతకు మించిన అంకెలకు అర్థం లేదు.

పరుగు చిన్నదైతే కథ మారిపోతుంది. ఒక్క నిమిషం 12 మీద పరుగెత్తితే నిజమైన దూరం దాదాపు 200 మీటర్లు. మొదలుపెట్టినప్పటి దూరాన్ని చివరి దూరం లోంచి తీసేస్తే తెర 0.19 చూపవచ్చు, 0.21 కూడా చూపవచ్చు. రెండు కుదించిన సంఖ్యల తేడా కాబట్టి పది మీటర్ల దాకా తప్పు వచ్చే వీలుంది. 0.19 అయితే వేగం 11.4, 0.21 అయితే 12.6. బెల్టు వేగం మారకుండా 12 మీదే ఉన్నా జవాబు ఇంత ఊగుతుంది. ఒకటి రెండు నిమిషాల ముక్కలకు తెర దూరంతో వేగం కట్టడం అందుకే వ్యర్థం. అక్కడ పెట్టిన వేగాన్నే నమ్మడం మేలు. అదీ బెల్టు ఆ వేగానికి చేరాకే. 5 నుంచి 9కి మీట నొక్కితే బెల్టు అందుకోవడానికి కొన్ని సెకన్లు తీసుకుంటుంది. ఆ సెకన్లలో మీరు అనుకున్న దూరం రాదు. వేగం తగ్గించేటప్పుడు దానికి వ్యతిరేకంగా కొంచెం ఎక్కువ వస్తుంది. పెట్టిన వేగాలను బట్టి మీరు కట్టిన దూరానికి, తెర దూరానికి కొన్ని మీటర్ల తేడా రావడానికి కారణం ఇదే. పొడవైన పరుగులో దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

ఈ లెక్కలన్నీ ఒక్క నమ్మకం మీద నిలబడ్డాయి, తెర చెప్పే దూరం నిజమేనన్న నమ్మకం మీద. ట్రెడ్‌మిల్ మీద మనిషి ఉన్నచోటే ఉంటాడు. 5.05 కిలోమీటర్లు ప్రయాణించింది బెల్టు. మోటారు గానీ రోలరు గానీ ఎంత తిరిగిందో చూసి యంత్రం దాన్ని దూరంగా మారుస్తుంది. బెల్టు సాగినా, రోలరు మీద జారినా, అమరిక తప్పినా ఆ దూరం అసలుదానికి దూరమవుతుంది. అప్పుడు మన భాగహారం ఎంత చక్కగా ఉన్నా జవాబు తప్పే.

దీన్ని సరిచూడడానికి కొలత టేపు, సుద్దముక్క, ఇంకో మనిషి ఉంటే చాలు. యంత్రం ఆపి, బెల్టు అంచున సుద్దతో గీత గీసి, బెల్టును చేత్తో కొంచెం కొంచెంగా జరుపుతూ చుట్టూ ఎంత పొడవుందో కొలవాలి. ఒక యంత్రం బెల్టు 3.20 మీటర్లు ఉందనుకుందాం. తర్వాత ఒకరు 9 మీద పరుగెత్తుతుంటే, ఇంకొకరు పక్కన నిలబడి గీత 50 సార్లు వెళ్లడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడాలి. లెక్క మొదలుపెట్టేటప్పుడు గీత కనబడగానే "సున్నా" అనాలి, "ఒకటి" అనకూడదు. లేకపోతే ఒక చుట్టు తగ్గుతుంది. ఖాళీ బెల్టు మీద ఈ పని చేయకూడదు. పాదం పడినప్పుడల్లా బెల్టు మీద ఒత్తిడి పెరిగి అది కాస్త నెమ్మదించవచ్చు. మనకు కావలసింది మనిషి మీద ఉన్నప్పటి వేగం.

50 చుట్లంటే 160 మీటర్లు. బెల్టు నిజంగా 9 మీద ఉంటే 64 సెకన్లు పట్టాలి. పట్టింది 66 సెకన్లు అనుకోండి. 160ని 3.6తో గుణించి 66తో భాగిస్తే 8.73. తెర 9 అంటోంది, బెల్టు 8.73 మీదే తిరుగుతోంది. నిష్పత్తి 0.97. మిగతా వేగాల్లోనూ ఇదే నిష్పత్తి ఉంటుందని ముందే అనుకోకూడదు. వాడే మరో వేగం మీద కూడా ఒకసారి కొలవాలి. అక్కడా దాదాపు అంతే వస్తే మిత్రుడి 5.05 కిలోమీటర్లు నిజానికి 4.90, సగటు వేగం 7.82 బదులు 7.58 అవుతుంది. సెకన్లను తప్పుగా చదవడం వల్ల వచ్చిన 0.06 తేడాతో పోలిస్తే ఇది నాలుగింతలు.

అంత తేడా కనిపించినా పాత లెక్కలన్నీ చింపేయాల్సిన పని లేదు. అదే యంత్రం మీద చేసిన పరుగులన్నిటికీ ఆ నిష్పత్తి ఒకటే అయినంతకాలం వాటిని ఒకదానితో ఒకటి పోల్చడంలో తప్పు లేదు. వేరే యంత్రం ఎక్కినప్పుడే, లేదా రోడ్డు మీద పరుగెత్తిన వేగంతో పోల్చినప్పుడే 0.97తో గుణించాల్సి వస్తుంది. మిత్రుడు ఇప్పుడు తన పుస్తకంలో ఆ రోజు పరుగును ఇలా రాసుకున్నారు: 5.05 కిలోమీటర్లు, 38 నిమిషాల 45 సెకన్లు, ఆగినది 2:15 కలపలేదు, సగటు 7.8, పరుగు భాగం వరకే 9.5, కిటికీ పక్క యంత్రం. బెల్టును ఇంకా కొలవలేదు. వచ్చే ఆదివారం టేపు, సుద్దముక్క తాను తెస్తానన్నారు, చుట్లు లెక్కపెట్టే పని నాది.